స్లైడ్ల కింద చెల్లాచెదురైన ‘సోర్స్’లను రిఫరెన్సులుగా మార్చేదెలా?

*“మేడం, మాది తార్నాకలో ఒక స్వచ్ఛంద సంస్థ. బస్తీ పిల్లల పోషణ మీద 38 స్లైడ్ల పీపీటీ చేసి, నిధులిచ్చే వాళ్లకు చూపించాం. ఇప్పుడు దాన్నే రిపోర్ట్‌గా రాసివ్వమన్నారు, చివర రిఫరెన్సులు పద్ధతిగా ఉండాలన్నారు. మా పీపీటీలో ఒక్కో స్లైడ్ కింద ఒక్కో రకంగా ‘సోర్స్’ అని ఉంది. ప్రతి స్లైడ్‌లో నంబర్లు మళ్లీ 1 నుంచే మొదలవుతాయి. కొన్ని లింకులు తెరుచుకోవట్లేదు. తయారుచేసిన ముగ్గురిలో ఒకరు ఉద్యోగం మానేశారు. పది రోజులే టైముంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?”*
*— ఒక పాఠకురాలు, తార్నాక*

స్లైడ్లలోని వాక్యాలను వర్డ్‌లోకి కాపీ చేయడం ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే, ముందు అది ఆపండి. పవర్‌పాయింట్‌లో నిజమైన ఫుట్‌నోట్ అనేదే లేదు. వర్డ్‌లో ఫుట్‌నోట్ పెడితే నంబరుకూ కింది నోట్‌కూ లోపల ముడి ఉంటుంది, పేరా జరిగితే నంబరూ జరుగుతుంది. స్లైడ్‌లో మీరు చూస్తున్నది పైకెత్తి టైప్ చేసిన ఒక అంకె, కింద విడిగా పెట్టిన ఒక టెక్స్ట్ బాక్స్. ఆ రెండింటికీ సంబంధం చూసేవాళ్ల కంటికే తప్ప కంప్యూటర్‌కు తెలియదు. వాక్యాన్ని వర్డ్‌లోకి తెచ్చిన క్షణంలో ఆ సంబంధం తెగిపోతుంది.

దీనివల్ల వచ్చే నష్టం ఒకటి నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ రిపోర్ట్‌కు నేను ఎడిటింగ్ చేశాను. స్లైడ్‌లో “జనసాంద్రత 18,480” అని ఉండి, పక్కన చిన్నగా 2 అనే ఫుట్‌నోట్ అంకె ఉంది. ఎవరో దాన్ని ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేశారు. పైకెత్తిన 2 కాస్తా కిందికి దిగి పక్క అంకెల్లో కలిసిపోయి “18,4802” అయింది. ఇంకో చోట “39.43 లక్షలు” అనేది “39.431 లక్షలు” అయింది. మొదటిది కామా తర్వాత నాలుగంకెలు ఉన్నాయి కాబట్టి ప్రూఫ్‌లో దొరికింది. రెండోది నాకు దొరకలేదు, అలాగే అచ్చయింది. దశాంశం తర్వాత అంకెలు రెండున్నా మూడున్నా చూడటానికి మామూలుగానే ఉంటుంది కదా. అప్పటినుంచీ ఎవరు పీపీటీ తెచ్చినా, వాక్యాల కంటే ముందు ఆధారాలను విడిగా ఎత్తి రాసుకోవడం నాకు అలవాటైంది.

ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. చాలామంది ఇక్కడే ఒక్కో వరసలో ఒక్కో పుస్తకమో రిపోర్టో రాసుకుంటూ పోతారు. అలా వద్దు. ఒక్కో వరసకు ఒక్కో అంకె, లేదా ఒక్కో వాస్తవం పెట్టండి. “హైదరాబాద్ జిల్లా జనాభా ఇంత” ఒక వరస, “తెలంగాణలో ఎదుగుదల లేని పిల్లలు ఇంత శాతం” ఇంకో వరస. పక్కన స్లైడ్ నంబరు, స్లైడ్‌లో సోర్స్ ఎలా రాసి ఉందో అక్షరం మార్చకుండా అదే మాట, తర్వాత నిజంగా తెరిచి చూసిన డాక్యుమెంట్ పేరు, అందులో పేజీ లేదా పట్టిక నంబరు, చివర చూసినవాళ్ల పేరు, తేదీ. ఒక్కో వరసకు ఒక గుర్తు ఇచ్చుకోండి: ఏడో స్లైడ్‌లో మొదటి ఫుట్‌నోట్ అయితే `S07-1`. మీ పీపీటీలో 1 అనే నంబరు ముప్పై చోట్ల ఉన్నా ఇక గందరగోళం ఉండదు. రిపోర్ట్ డ్రాఫ్ట్‌లో కూడా ఆ వాక్యం పక్కన ప్రస్తుతానికి `[S07-1]` అనే పెట్టండి. అసలు రిఫరెన్స్ ఏదో తేలాక చివర్లో మార్చుకోవచ్చు.

వరస అంకెకు ఎందుకంటే, స్లైడ్ కింది నోట్ ఆ స్లైడ్ మీది అంకె గురించి చెబుతుంది, రిపోర్ట్ చివరి రిఫరెన్స్ ఒక డాక్యుమెంట్ గురించి చెబుతుంది. పది నోట్‌లు ఒకే డాక్యుమెంట్‌కు చేరొచ్చు. ఒకే నోట్ మూడు డాక్యుమెంట్లుగా విడిపోవచ్చు. అంకె పట్టుకుని వెళ్తేనే ఇది తెలుస్తుంది. సోర్స్ పేరు పట్టుకుని వెళ్తే, ఒకే పేరు కనిపించినచోటల్లా ఒకే ఆధారం అనుకుని కలిపేస్తాం.

నోట్‌లను ఏరేటప్పుడు ఒక జాగ్రత్త. పవర్‌పాయింట్ నుంచి వర్డ్‌కు పంపే `Create Handouts` లో `Outline only` అనే ఆప్షన్ ఉంటుంది. పని త్వరగా అవుతుందని దాన్ని నొక్కితే శీర్షికలు, బుల్లెట్లు వస్తాయిగానీ విడిగా పెట్టిన టెక్స్ట్ బాక్సులు రావు. మీ సోర్స్ లైన్లన్నీ దాదాపుగా ఆ బాక్సుల్లోనే ఉంటాయి. కాబట్టి 38 స్లైడ్లనూ ఒక్కొక్కటిగా తెరిచి కంటితో చూడటమే మేలు, గంటన్నర పని. స్లైడ్ కింద, `Notes` లో, దాచిపెట్టిన స్లైడ్లలో చూడండి. ఫొటోగా అతికించిన గ్రాఫులు ఉంటే వాటి మూలల్లో చిన్న అక్షరాల్లో సోర్స్ ఉంటుంది, అది వెతికితే దొరకదు, చూసి టైప్ చేయాల్సిందే. పవర్‌పాయింట్‌లోనే గీసిన గ్రాఫ్ అయితే దానిమీద రైట్‌క్లిక్ చేసి `Edit Data` తెరవండి. వెనకున్న షీట్‌లో, ఏ మూలో, అంకెలు ఎక్కడినుంచి తెచ్చారో ఎవరైనా రాసి పెట్టుకుని ఉండొచ్చు. ఉద్యోగం మానేసిన మీ సహోద్యోగి జాడ ఎక్కువగా దొరికేది అక్కడే.

అన్నీ షీట్‌లోకి చేరాక, వాటిలో కొన్ని రిఫరెన్సులే కావని తెలుస్తుంది. “మొత్తం 212 మంది తల్లులు, ఇద్దరు సమాధానం చెప్పలేదు” అనేది వివరణ, అది రిపోర్ట్‌లో ఆ పట్టిక కిందే ఉండాలి. “ఎదుగుదల లేకపోవడం అంటే వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం” అనేది నిర్వచనం, అది మొదటిసారి ఆ మాట వచ్చినచోట ఉండాలి. “మా టీమ్ సర్వే” అనేది మీ సొంత పని. దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేశారో పద్ధతి చెప్పే అధ్యాయంలో రాయాలి, రిఫరెన్సుల్లో కాదు. ఈ మూడు రకాలనూ పక్కకు తీసేస్తే అసలు ఆధారాలు మిగులుతాయి. మీ కష్టమంతా వాటి దగ్గరే.

ఈమధ్య నా దగ్గరికొచ్చిన ఇంకో పీపీటీ నుంచి నాలుగు నోట్‌లు చూపిస్తాను. మీదీ హైదరాబాద్ బస్తీల మీదే కాబట్టి ఇవే చిక్కులు మీకూ రావొచ్చు. నాలుగో స్లైడ్‌లో హైదరాబాద్ జిల్లా జనాభా 40.10 లక్షలు అని ఉంది. తొమ్మిదో స్లైడ్‌లో చదరపు కిలోమీటరుకు 18,480 మంది అని ఉంది. ఇరవై ఒకటో స్లైడ్‌లో అదే జిల్లా జనాభా 39.43 లక్షలు అని ఉంది. ఇరవై ఆరో స్లైడ్‌లో రంగారెడ్డి జిల్లా జనాభా 24 లక్షల పైచిలుకు అని ఉంది. నాలుగింటి కిందా సోర్స్ ఒకటే: “సెన్సస్ 2011”.

పేరు చూసి కలిపేస్తే రిఫరెన్సుల్లో ఒక్క ఎంట్రీతో పని అయిపోయేది. కానీ ఒకే సెన్సస్ ఒకే జిల్లాకు రెండు జనాభాలు ఎలా చెబుతుంది? అంకెలు పట్టుకుని వెతికితే సంగతి తెలిసింది. 2011 జనగణన లెక్కలు రెండుసార్లు వచ్చాయి. లెక్క పూర్తయిన వెంటనే 2011లోనే తాత్కాలిక లెక్కలు వచ్చాయి, వాటిలో హైదరాబాద్ జిల్లా జనాభా 40,10,238. తర్వాత వచ్చిన తుది లెక్కల్లో అది 39,43,323. తేడా 66 వేల పైనే. నాలుగో స్లైడ్ చేసినవాళ్లు తాత్కాలిక లెక్క తీసుకున్నారు, ఇరవై ఒకటో స్లైడ్ చేసినవాళ్లు తుది లెక్క తీసుకున్నారు. ఇద్దరూ అబద్ధం రాయలేదు. రెండూ సెన్సస్ 2011 అంకెలే, రెండు వేర్వేరు ప్రచురణలు.

మరి తొమ్మిదో స్లైడ్‌లోని 18,480 ఎందులోది? దానికి నోట్‌లో ఏ ఆనవాలూ లేదు. జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. 40,10,238ని 217తో భాగిస్తే 18,480 వస్తుంది. 39,43,323ని భాగిస్తే 18,172 వస్తుంది. అంటే అది తాత్కాలిక లెక్క నుంచి పుట్టిన సాంద్రత. ఇలాంటి చిన్న భాగహారం చాలాసార్లు లింకు కంటే బాగా దారి చూపిస్తుంది. శాతాలు, సాంద్రతలు, సగటులు ఎక్కడున్నా, అవి ఏ మూల అంకెల నుంచి వచ్చాయో వెనక్కి లెక్క కట్టి చూడండి.

రంగారెడ్డి సంగతి ఇంకా లోతైనది. సెన్సస్ 2011లో రంగారెడ్డి జిల్లా జనాభా 52,96,741. మరి 24 లక్షలు ఎక్కడినుంచి వచ్చాయి? 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలను పునర్వ్యవస్థీకరించారు. పాత రంగారెడ్డి నుంచి మేడ్చల్, వికారాబాద్ వేరయ్యాయి, షాద్‌నగర్ లాంటి ప్రాంతాలు పాత మహబూబ్‌నగర్ నుంచి వచ్చి కొత్త రంగారెడ్డిలో చేరాయి. ఆ కొత్త హద్దుల ప్రకారం 2011 జనాభాను మళ్లీ కూడి రాష్ట్ర ప్రభుత్వం తన గణాంక ప్రచురణల్లో ఇచ్చింది. 24 లక్షల లెక్క అక్కడిది. ఆ అంకె జనగణన శాఖ అచ్చువేసిన ఏ 2011 పుస్తకంలోనూ ఉండదు, ఎందుకంటే 2011లో ఆ జిల్లా ఆ రూపంలో లేనే లేదు. చదివేవాళ్లు మీ రిఫరెన్స్ పట్టుకుని సెన్సస్ పుస్తకం తెరిస్తే వాళ్లకు 52 లక్షలు కనిపిస్తుంది, మీ రిపోర్ట్ తప్పనుకుంటారు. హైదరాబాద్ జిల్లా హద్దులు 2016లో మారలేదు కాబట్టి దానికి ఈ బెడద లేదు. మీ బస్తీలు ఉప్పల్, మల్కాజిగిరి, రాజేంద్రనగర్ వైపు ఉంటే మాత్రం ప్రతి జిల్లా అంకె దగ్గరా ఆగి, ఇది పాత జిల్లాదా కొత్త జిల్లాదా అని చూసుకోండి.

చివరికి ఆ నాలుగు నోట్‌లు ఏమయ్యాయంటే, తాత్కాలిక లెక్కలను రిపోర్ట్ నుంచి తీసేశాం. తుది లెక్క ఉండగా తాత్కాలిక లెక్క వాడటానికి కారణం కనిపించలేదు. జనాభా 39.43 లక్షలు అని ఒక్కచోటే రాసి, సాంద్రతను 18,172గా మార్చి, పట్టిక కింద “సెన్సస్ తుది లెక్కల నుంచి లెక్కించినది” అని పెట్టాం. ఒక అంకెను డాక్యుమెంట్‌లో ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే “ఆధారం” అనాలి, మనం భాగించో కూడో తెచ్చుకుంటే “ఆధారంగా లెక్కించినది” అనాలి. స్లైడ్‌లో ఈ తేడా ఎవరూ పాటించరు, రిపోర్ట్‌లో పాటించాల్సిందే. రంగారెడ్డి అంకెకు రాష్ట్ర ప్రభుత్వ ప్రచురణను విడిగా ఒక ఎంట్రీగా పెట్టి, పట్టిక కింద “2016లో ఏర్పడిన జిల్లా హద్దుల ప్రకారం 2011 జనాభా” అని రాశాం. నాలుగు నోట్‌లు రెండు రిఫరెన్సులయ్యాయి. దాంతోపాటు రెండు అంకెలు సరిదిద్దుకున్నాం.

ఇదే చోట ఇంకో మాట. ఆ జిల్లా జనగణన పుస్తకం మీద “ఆంధ్రప్రదేశ్” అని ఉంటుంది. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న, జనగణన అంతకు ముందుది. ఇప్పుడు హైదరాబాద్ తెలంగాణలో ఉంది కదా అని కొందరు రిఫరెన్స్‌లో రాష్ట్రం పేరు మార్చేస్తారు. అలా మార్చకూడదు. రిఫరెన్స్ అంటే పుస్తకం అట్ట మీద ఉన్నది ఉన్నట్టు రాయడం. అట్ట మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటే అదే రాయాలి, లేకపోతే ఆ పేరుతో వెతికేవాళ్లకు పుస్తకం దొరకదు.

మీ అంశం పిల్లల పోషణ కాబట్టి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, మీ పీపీటీలో తప్పక ఉండి ఉంటుంది. దాని దగ్గర సంవత్సరమే చిక్కు. ఐదో విడత సర్వే పేరులోనే 2019–21 అని ఉంటుంది. ముంబైలోని ఐఐపీఎస్, ఐసీఎఫ్ అనే సంస్థలు కలిసి తెచ్చిన జాతీయ రిపోర్ట్‌ను 2021 ప్రచురణగా చూపిస్తారు. కానీ తెలంగాణ మొదటి దశ రాష్ట్రాల్లో ఉంది, ఇక్కడ ఇంటింటి సర్వే 2019లోనే జరిగిపోయింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదన్న అంకె ఆ సర్వేది. స్లైడ్‌లో ఎవరైనా “ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ 2021” అని క్లుప్తంగా రాసి ఉంటే, రిపోర్ట్ రాసేటప్పుడు అది “2021లో 33.1 శాతం” అయిపోతుంది. ఇంకొకరి చేతిలో పడితే “కరోనా తర్వాత 33.1 శాతానికి చేరింది” అయిపోతుంది. ఆ పిల్లల ఎత్తు కొలిచింది కరోనా రాకముందు. ఒక చిన్న సోర్స్ లైన్ ఇలా పెద్ద తప్పుడు వాదనకు దారితీస్తుంది. కాబట్టి వాక్యంలో సర్వే జరిగిన సంవత్సరం, రిఫరెన్స్‌లో ప్రచురణ సంవత్సరం, సర్వే పేరులో 2019–21. మూడూ వేటి చోట అవి ఉండాలి. రాష్ట్ర ఫ్యాక్ట్‌షీట్, జిల్లా ఫ్యాక్ట్‌షీట్, జాతీయ రిపోర్ట్ కూడా వేర్వేరు డాక్యుమెంట్లే. మీ అంకె ఏ డాక్యుమెంట్‌లో కనిపించిందో దాన్నే చూపించండి.

తెరుచుకోని లింకుల గురించి అడిగారు. లింకు పోయిందంటే డాక్యుమెంట్ పోయిందని కాదు. జనగణన వెబ్‌సైట్ రూపం మారాక పాత లింకులు చాలావరకు తెగిపోయాయి, పుస్తకాలు మాత్రం కొత్త సైట్‌లో ఉన్నాయి. లింకు వదిలేసి డాక్యుమెంట్ పూర్తి పేరుతో వెతకండి. దొరక్కపోతే పాత లింకును `web.archive.org` లో పెట్టి చూడండి, ఆ పేజీ అప్పట్లో భద్రమై ఉంటే పాత తేదీతో కనిపిస్తుంది. పొట్టి చేసిన లింకులు, ఆఫీసు డ్రైవ్ లింకులు ఎప్పుడూ రిఫరెన్స్‌లో పెట్టకండి. వాటిని తెరిచి, అసలు పేజీ అడ్రస్ తీసుకోండి. పీడీఎఫ్ దొరికిన వెంటనే `S07-1` లాంటి గుర్తుతోనే పేరు పెట్టి ఒక ఫోల్డర్‌లో దాచండి.

ఎంత వెతికినా కొన్ని దొరకవు. మానేసిన సహోద్యోగికి ఫోన్ చేసి అడగడంలో తప్పులేదు, కానీ పది ప్రశ్నలూ ఒకేసారి, స్లైడ్ నంబర్లతో వాట్సాప్‌లో పంపండి. జ్ఞాపకం మీద చెప్పే పేరు ఆధారం కాదు, వెతకడానికి ఒక దారి మాత్రమే. ఆ డాక్యుమెంట్‌ను మీరు తెరిచి అంకె చూసేదాకా షీట్‌లో “చూసినవాళ్లు” అనే గడి ఖాళీగానే ఉంచండి. ఐదో రోజుకీ ఆ గడి ఖాళీగా ఉన్న అంకెలను రిపోర్ట్ నుంచి తీసేయమని నా సలహా. స్లైడ్ మీద మాట్లాడేటప్పుడు అడిగితే సర్దిచెప్పుకోవచ్చు. అచ్చులో ఆధారం లేని అంకె ఉంటే, చూసినవాళ్లు పక్కనున్న మంచి అంకెలనూ అనుమానిస్తారు.

వార్తాపత్రికలో చదివి తెచ్చిన అంకెలది ఇంకో దారి. పేపర్‌లో “జనగణన ప్రకారం” అని రాశారని మీరు రిఫరెన్స్‌లో జనగణనను పెట్టేయకూడదు, మీరు చూసింది పేపర్‌ను. వీలైతే అసలు డాక్యుమెంట్ తెరిచి, అంకె సరిచూసుకుని దాన్నే పెట్టండి. వీలు కాకపోతే వాక్యంలో ఫలానా సంస్థ లెక్క ఫలానా పత్రికలో వచ్చినట్టు చెప్పి, రిఫరెన్సుల్లో పత్రికను, తేదీని పెట్టండి.

ఇక ఎంట్రీలు రాయడం. ఇది తేలిక పని, అందుకే దీన్ని చివరికి ఉంచాను. నిధులిచ్చే సంస్థ ఫలానా శైలి కావాలని చెబితే అదే పాటించండి, చెప్పకపోతే రచయిత–సంవత్సరం పద్ధతి తీసుకోండి, అంటే వాక్యం పక్కన బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం పెట్టడం. నంబర్ల పద్ధతిలో డ్రాఫ్ట్ మారినప్పుడల్లా వరస తప్పుతుంది, మీకున్న పది రోజుల్లో ఆ తలనొప్పి వద్దు. ప్రతి ఎంట్రీలో క్రమం ఒకటే: ఎవరు ప్రచురించారు, ఏ సంవత్సరం, పూర్తి పేరు, ప్రచురణకర్త, ఉంటే లింకు. రిపోర్ట్ ఇంగ్లిష్‌లో అయితే ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, ఇక్కడ రూపం చూపించడానికి తెలుగులో రాస్తున్నాను:

ఐఐపీఎస్ అండ్ ఐసీఎఫ్. (2021). నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5), 2019–21: ఇండియా: వాల్యూమ్ 1. ముంబై: ఐఐపీఎస్.

పేజీ, పట్టిక నంబర్లు ఎంట్రీలోకి రావు. అవి రిపోర్ట్ లోపల వాక్యం పక్కన బ్రాకెట్లో, సంవత్సరం తర్వాత ఉంటాయి. స్లైడ్ నోట్‌లో ఉన్న “పట్టిక 4, పేజీ 61” ఇలా లోపలికి వెళ్లిపోతుంది కాబట్టే పది నోట్‌లు ఒక ఎంట్రీగా తేలికవుతాయి. ఒకే సంస్థవి ఒకే సంవత్సరంలో రెండు ప్రచురణలు ఉంటే 2021a, 2021b అని వేరు చేయాలి. లింకు పక్కన చూసిన తేదీ అన్నిటికీ అక్కర్లేదు. రోజూ మారే డ్యాష్‌బోర్డ్ లాంటి పేజీలకు మాత్రం తప్పనిసరిగా రాయండి, రేపు అదే పేజీలో వేరే అంకె ఉంటుంది.

వర్డ్‌లోని `Manage Sources` వాడితే ఒకచోట జాగ్రత్త. రచయిత గడిలో “తెలంగాణ ప్రభుత్వం” అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే వర్డ్ దాన్ని మనిషి పేరనుకుంటుంది. చివరి మాటను ఇంటిపేరుగా ముందుకు తెచ్చి, మిగతావాటిని పొడి అక్షరాలు చేసి `Telangana, G. o.` అని అచ్చువేస్తుంది. నేను సరిచూసిన రిపోర్టుల్లో ఇది చాలాసార్లు కనిపించింది. సంస్థ పేరు ఎప్పుడూ `Corporate Author` అనే గడిలో పెట్టాలి. మీ ఎంట్రీలు పాతిక లోపు అయితే ఈ హంగులేవీ లేకుండా ఎక్సెల్‌లో అక్షరక్రమంలో పేర్చి చేత్తో రాసుకున్నా సరిపోతుంది. మీ సంస్థ ఇలాంటి రిపోర్టులు తరచూ చేస్తుంటే రిఫరెన్సులను దాచి పేర్చిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, ఉచితం. కానీ ఈ పది రోజుల్లో కాదు.

ఎనిమిదో రోజుకు డ్రాఫ్ట్ అయిపోయేలా చూసుకోండి. తొమ్మిదో రోజు పూర్తిగా సరిచూడటానికే. ముందు డ్రాఫ్ట్‌లో `[S` అని వెతకండి, ఒక్కటీ మిగలకూడదు. తర్వాత రిఫరెన్సుల పేజీ ప్రింట్ తీసుకుని పక్కన పెట్టుకోండి. వర్డ్ వెతికే గడిలో `20^#^#` అని టైప్ చేస్తే 2000 తర్వాతి సంవత్సరాలన్నీ ఒక్కొక్కటిగా కనిపిస్తాయి, `^#` అంటే ఏదైనా ఒక అంకె. పాత ప్రచురణలుంటే `19^#^#` తో ఇంకోసారి. బ్రాకెట్లో పేరు కనిపించిన ప్రతిసారీ కాగితం మీద ఆ ఎంట్రీ పక్కన టిక్ పెట్టండి. కాగితం మీద లేని పేరు వస్తే ఆ ఎంట్రీ మర్చిపోయారన్నమాట. చివరిదాకా టిక్ పడని ఎంట్రీ ఉంటే, రిపోర్ట్‌లో ఎక్కడా వాడనిదాన్ని జాబితాలో పెట్టారన్నమాట, తీసేయండి. స్పెల్లింగ్, సంవత్సరం రెండుచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత పీపీటీ ఎన్నడూ చూడని ఒకరిని పిలిచి, రిపోర్ట్‌లో వాళ్లకు నచ్చిన ఐదు అంకెలు ఎంచుకోమనండి. రిపోర్ట్‌లో ఉన్నదాన్నిబట్టి మాత్రమే, మిమ్మల్ని అడక్కుండా, వాళ్లు ఆ డాక్యుమెంట్ తెరిచి ఆ పేజీలో ఆ అంకె మీద వేలుపెట్టగలగాలి. ఐదూ దొరికితే పంపేయండి. ఒక్కటి దొరక్కపోయినా, ఆ అంకె ఏ స్లైడ్ నుంచి వచ్చిందో చూసి, ఆ స్లైడ్ చేసినవాళ్ల మిగతా స్లైడ్ల అంకెలన్నీ పదో రోజు మళ్లీ తెరిచి చూడండి. ఒకరి అలవాటు వాళ్లు చేసిన స్లైడ్లన్నిటా ఒకేలా ఉంటుంది.